ఎడమవైపు పొత్తికడుపు నొప్పి, జ్వరం: డైవర్టిక్యులైటిస్‌కి స్కాన్ ముందా, యాంటీబయాటిక్ ముందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు. మా నాన్నకి 61 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది, గ్లిమెపిరైడ్-మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మూడు రోజులుగా ఎడమవైపు పొత్తికడుపులో నొప్పి, 101 జ్వరం. దగ్గర్లో డాక్టరు అమీబా అని ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ మాత్రలు, నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొంచెం తగ్గినట్టే ఉంది కానీ పూర్తిగా పోలేదు. అల్ట్రాసౌండ్‌లో గ్యాస్ అడ్డొచ్చి సరిగా కనపడలేదన్నారు. ఇప్పుడు సర్జన్ గారు డైవర్టిక్యులైటిస్ కావచ్చు, సీటీ తీయించమంటున్నారు. మా చెల్లి అమెరికాలో ఉంటుంది, అక్కడ దీనికి అసలు యాంటీబయాటిక్ కూడా ఇవ్వట్లేదంటోంది. మరి సీటీ తప్పదా? ఇవే మాత్రలు కొనసాగిస్తే చాలదా? తగ్గాక జామకాయలాంటి గింజలున్నవి జన్మలో తినకూడదంటున్నారు, నిజమేనా?

జవాబు:

సీటీ తీయించండి. వీలైతే ఈరోజే. మీ చెల్లెలు చెప్పింది తప్పు కాదు, కానీ ఆ మాట సగమే మీదాకా వచ్చింది. మిగతా సగం ఏమిటో తెలిస్తే మీ మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు అందులోనే దొరుకుతుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పెద్దపేగు చివర, మలద్వారానికి కాస్త పైన, ఎడమవైపు పొత్తికడుపులో వంపు తిరిగి ఉండే భాగాన్ని సిగ్మాయిడ్ అంటాం. పెద్దపేగులో బాగా సన్నగా ఉండే చోటు అది. మలం అక్కడికి వచ్చేసరికి గట్టిపడి ఉంటుంది, దాన్ని ముందుకు నెట్టడానికి పేగు గట్టిగా బిగుసుకోవాలి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. పేగు కండరంలోకి రక్తనాళాలు దూరే చోట్లు సహజంగానే కొంచెం బలహీనంగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఒత్తిడి పడ్డాక ఆ చోట్ల లోపలి పొర బయటికి చిన్న సంచుల్లా పొడుచుకొస్తుంది, టైరు చీలిన చోట ట్యూబు ఉబ్బినట్టు. ఆ సంచులే డైవర్టిక్యులా. వయసు పెరిగే కొద్దీ ఇవి ఎక్కువవుతాయి. ఉన్నవాళ్లలో చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు, ఉన్నాయని కూడా తెలియదు. ఏదో ఒక సంచి వాచి, చుట్టూ ఉన్న కొవ్వుకి కూడా వాపు పాకినప్పుడు నొప్పి, జ్వరం వస్తాయి. అదే డైవర్టిక్యులైటిస్.

ఆసియా దేశాల్లో ఈ సంచులు పెద్దపేగు కుడివైపున కూడా బాగానే కనిపిస్తాయి. అవి వాస్తే అచ్చం అపెండిసైటిస్‌లా ఉంటుంది. మీ నాన్నగారిది ఎడమవైపు కాబట్టి ఆ గందరగోళం లేదు. అయితే ఎడమవైపు నొప్పీ జ్వరమూ ఉన్నంత మాత్రాన ఇదేనని చెప్పలేం. ఎడమ మూత్రనాళంలో రాయి ఉండి ఇన్ఫెక్షన్ పట్టినా ఇలాగే ఉంటుంది. పేగుకి రక్తం సరిగా అందకపోయినా, పేగు పక్కన వేలాడే చిన్న కొవ్వు ముక్క మెలిపడినా, చివరికి ఆ చోట క్యాన్సర్ ఉన్నా మొదట్లో తేడా తెలియకపోవచ్చు. ఆడవాళ్లలో అయితే అండాశయం సంగతి ముందు చూసుకోవాలి. అమీబా మాట మన దగ్గర చాలా తేలిగ్గా అనేస్తారు. పెద్దపేగుకి అమీబా పడితే మామూలుగా జిగట, రక్తంతో విరేచనాలు ఉంటాయి. మీరు అవేమీ రాయలేదు. అవి లేకుండా ఒకే చోట నిలకడగా నొప్పి, పైగా జ్వరం ఉంటే నేను అమీబా వైపు వెళ్లను.

పరీక్ష చేసేటప్పుడు నేను చూసేది సింపుల్‌గా ఉంటుంది. పేషెంట్‌ని దగ్గమంటాను. దగ్గినప్పుడు ఠక్కున ఎడమ కిందవైపు చెయ్యి పెట్టుకున్నాడంటే లోపలి పొరకి వాపు తగిలినట్టే. తర్వాత కుడివైపు నుంచి మెల్లగా నొక్కుకుంటూ వస్తాను. ఎడమ కింద ఒక్కచోటే నొప్పి ఉండి మిగతా పొట్ట మెత్తగా ఉంటే తొందరేమీ లేదు, స్కాన్ తీసి ఆలోచించవచ్చు. పొట్ట అంతా చెక్కలా బిగుసుకుని, మంచం కాస్త కదిలినా నొప్పి అంటున్నాడంటే పేగుకి చిల్లు పడి ఉండొచ్చు. అప్పుడు ఆలస్యం పనికిరాదు, నేరుగా ఎమర్జెన్సీకే. మీ నాన్నగారు నడవగలుగుతున్నారు, నీళ్లు తాగగలుగుతున్నారు అనుకుంటున్నాను. ఇది చదివే సమయానికి వాంతులు మొదలైనా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, చలి వణుకు వచ్చినా, మనిషి మగతగా ఉన్నా చదవడం ఆపి ఆసుపత్రికి బయల్దేరండి.

ఇప్పుడు మీ చెల్లెలి మాట. 2012లో స్వీడన్, ఐస్‌లాండ్ ఆసుపత్రులు కలిసి 623 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. సగం మందికి యాంటీబయాటిక్ ఇచ్చారు, సగం మందికి సెలైన్ మాత్రమే. చీము పట్టడం, చిల్లు పడటం లాంటివి రెండు వైపులా చాలా తక్కువే, యాంటీబయాటిక్ ఇవ్వనివాళ్లలో 1.9 శాతం, ఇచ్చినవాళ్లలో 1 శాతం. లెక్క ప్రకారం అది తేడా కిందికి రాదు. 2017లో నెదర్లాండ్స్ నుంచి 528 మందితో వచ్చిన ట్రయల్ కూడా అలాగే తేలింది. కోలుకోవడానికి యాంటీబయాటిక్ లేనివాళ్లకి 14 రోజులు, ఉన్నవాళ్లకి 12 రోజులు పట్టింది. అమెరికాలోని గ్యాస్ట్రోఎంటరాలజీ అసోసియేషన్ కూడా యాంటీబయాటిక్ అందరికీ కాకుండా అవసరమైనవాళ్లకే ఇవ్వమంటోంది.

దీన్ని చదివి చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. ఆ రెండు ట్రయల్స్‌లోనూ చేరిన ప్రతి మనిషికీ ముందు సీటీ తీశారు. పెద్ద చీముగడ్డ లేదు, బయటికి గాలి రాలేదు, చిల్లు లేదు అని ఖాయం చేసుకున్నాకే మందు లేకుండా చూశారు. అంటే యాంటీబయాటిక్ మానడానికి ధైర్యం ఇచ్చింది సీటీయే. మన దగ్గర తరచూ దీనికి తలకిందులుగా జరుగుతుంది. స్కాన్ ఖర్చని మానేస్తాం, బదులుగా యాంటీబయాటిక్ మింగుతాం. దాంతో అవసరం లేనివాళ్లకి మందు పడుతుంది, లోపల చీము ఉన్నవాళ్లకి ఆ మందు చాలదు. ఎవరు ఏ గుంపో ఎవరికీ తెలియదు.

చాలకపోతే ఎలా ఉంటుందో ఒక కేసు చెప్తాను. 54 ఏళ్ల ఆవిడ, బ్యాంకు ఉద్యోగం. ఇదే ఎడమవైపు నొప్పి, జ్వరం. స్కాన్ తర్వాత చూద్దామని ఇంట్లోనే మాత్రలు మొదలుపెట్టారు. ఆరు గంటలకోసారి పారాసిటమాల్ వేసుకుంటూ, వేసుకున్న గంటకి థర్మామీటర్ పెట్టుకునేవారు. 99 కంటే ఎక్కువ ఎప్పుడూ రాలేదు, కాబట్టి జ్వరం పోయిందనుకున్నారు. రక్తపరీక్షలో, ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే సీఆర్‌పీ 21 అని వచ్చింది. ఫోన్లో చెబితే బంధువుల్లో ఎవరో ఇరవై అంటే పెద్ద లెక్క కాదన్నారట. ఐదో రోజు రాత్రి పళ్లు కొట్టుకునేంత చలి వచ్చి మా దగ్గరికి తీసుకొచ్చారు. తెల్లకణాలు 17,800. పాత రిపోర్టు చేతిలోకి తీసుకుని చూస్తే సీఆర్‌పీ పక్కన యూనిట్ మిల్లీగ్రామ్ పర్ డెసిలీటర్ అని ఉంది. మేము మాట్లాడుకునే లెక్క లీటరుకి. అంటే 21 కాదు, 210. సీటీలో సిగ్మాయిడ్ పక్కన 5 సెంటీమీటర్ల చీముగడ్డ కనిపించింది.

ఆవిడకి ఆపరేషన్ అవసరం పడలేదు. స్కాన్‌లో చూసుకుంటూ చర్మం మీద నుంచి సన్నటి గొట్టం లోపలికి పంపి చీము తీశారు, మొదటిసారే 60 మిల్లీలీటర్లు వచ్చింది. నరం ద్వారా పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ ఇచ్చాం. రోజుకి 10 మిల్లీలీటర్ల కంటే తక్కువ వస్తున్నప్పుడు మళ్లీ స్కాన్ చూసి గొట్టం తీసేశాం. చీముగడ్డ 3 సెంటీమీటర్ల లోపు ఉంటే మామూలుగా మందులతోనే కరుగుతుంది, అంతకంటే పెద్దదైతే గొట్టం వేయడం గురించి ఆలోచిస్తాం. మొదటి రోజే స్కాన్ తీసి ఉంటే ఆ గడ్డ అంత పెరగక ముందే దొరికేదేమో.

ఈ కేసులోంచి మీరు ఇంట్లో వాడుకోగలిగినవి రెండున్నాయి. టెంపరేచర్‌ని పారాసిటమాల్ వేసుకున్నాక కాదు, తర్వాతి మాత్ర వేసుకునే ముందు చూసి కాగితం మీద రాయండి. సీఆర్‌పీ రిపోర్టులో అంకె ఒక్కటే చూడొద్దు, యూనిట్ కూడా చూడండి. డెసిలీటర్ అని ఉంటే పదితో గుణించాలి.

సీటీ భయాల సంగతికొస్తే, పొట్ట సీటీ ఒకసారి తీస్తే పడే రేడియేషన్, మనం బతికున్నందుకు ప్రకృతి నుంచి మూడు నాలుగేళ్లలో పడేదానికి దాదాపు సమానం. 20 ఏళ్ల అమ్మాయికైతే, గర్భిణికైతే నేనూ ఆగి అల్ట్రాసౌండ్‌తోనో ఎమ్మారైతోనో సరిపెట్టుకోవడానికి చూస్తాను. 61 ఏళ్ల షుగర్ పేషెంట్‌కి మూడు రోజుల జ్వరం ఉన్నప్పుడు ఆ లెక్క వేయడంలో అర్థం లేదు. ఖర్చు ఇబ్బంది అయితే ప్రభుత్వ బోధనాసుపత్రిలో అడగండి. మొహమాటం అక్కర్లేదు. అల్ట్రాసౌండ్ పనికిరాదని కాదు, చేసేవాళ్ల చెయ్యి బాగుంటే, మనిషి సన్నగా ఉంటే అందులోనూ తెలుస్తుంది. గ్యాస్ అడ్డొచ్చిందని వాళ్లే చెప్పారు కాబట్టి మీ విషయంలో దాన్ని తీయనట్టే లెక్క, నార్మల్ అని కాదు.

నరంలోకి కాంట్రాస్ట్ ఇచ్చి తీసే సీటీయే అడగండి. ముందు క్రియాటినిన్ చూస్తారు. మెట్‌ఫార్మిన్ వాడుతున్న సంగతి టెక్నీషియన్‌కి చెప్పండి. కిడ్నీలు బాగుంటే పెద్ద సమస్య కాదు, బాగోకపోతే రెండు రోజులు ఆపమంటారు.

షుగర్ మాత్రల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. మీరు రాసినదాంట్లో నాకు నొప్పి కంటే ముందు కనపడింది ఇదే. గ్లిమెపిరైడ్ వేసుకుంటూ, కడుపునొప్పి వల్ల అన్నం సరిగా తినకుండా, పైన ఆఫ్లాక్సాసిన్ కూడా వాడుతుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు గ్లిమెపిరైడ్‌తో కలిసినప్పుడు షుగర్ దించుతాయని బాగా తెలిసిన విషయమే. చెమటలు, వణుకు, గుండె దడ వస్తే అది జ్వరం వల్ల అనుకుని పడుకోబెట్టొద్దు, వెంటనే గ్లూకోమీటర్ పెట్టండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకి మళ్లీ చూడండి. మాట పొందిక లేకుండా, మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిండి పూర్తిగా కుదిరేదాకా గ్లిమెపిరైడ్ డోసు ఎంత వేయాలో ఈరోజే మీ షుగర్ డాక్టరుని అడగండి. ఈ రోజుల్లో చాలామందికి డాపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు కూడా రాస్తున్నారు. అవి ఉంటే అదీ చెప్పండి. తిండి లేనప్పుడు వాటిని ఆపాల్సి ఉంటుంది.

డైక్లోఫెనాక్ మళ్లీ వద్దు. ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ గుంపులోవే. ఇవి తరచూ వాడేవాళ్లలో ఈ సంచులు వాయడం, చిల్లు పడటం ఎక్కువగా ఉంటుంది, పైగా పొట్ట నొక్కి చూసే డాక్టరుకి అసలు నొప్పి ఎంతో తెలియకుండా చేస్తాయి. పారాసిటమాల్ సరిపోతుంది, 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటలకోసారి. అదీ చాలనంత నొప్పి ఉందంటే అసలు ఇంట్లో ఉండకూడదని అర్థం. గుండె కోసం చిన్న డోసు ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపేయకండి.

సీటీ తీశాక రిపోర్టులో ఏం వెతకాలి? సిగ్మాయిడ్ గోడ మందంగా ఉందనీ, చుట్టూ కొవ్వులో వాపు గీతలున్నాయనీ, అక్కడక్కడా డైవర్టిక్యులా ఉన్నాయనీ రాస్తారు. అంతవరకే ఉంటే అది మామూలు రకం. ఆ తర్వాతి వాక్యాలు జాగ్రత్తగా చదవండి. చీముగడ్డ, పేగు బయట గాలి, పొట్టలో నీరు, మూత్రాశయానికి అతుకు, పేగు మూసుకుపోవడం, వీటి గురించి ‘లేదు’ అని స్పష్టంగా రాసి ఉండాలి. అసలు ప్రస్తావనే లేకపోతే మీ సర్జన్‌ని రేడియాలజిస్టుకి ఫోన్ చేసి అడగమనండి. అది వాళ్లకి మామూలు పనే.

రిపోర్టు మామూలు రకమని వస్తే యాంటీబయాటిక్ వేయాలా అన్నది మనిషిని బట్టి ఉంటుంది. 45 ఏళ్లు, వేరే జబ్బులేవీ లేవు, నోటితో తాగగలుగుతున్నాడు, రెండు మూడు రోజుల్లో మళ్లీ వచ్చి చూపించుకుంటాడు అనుకుంటే నేను వేయను. వాంతులు ఆగకపోయినా, సీఆర్‌పీ 140 దాటినా, తెల్లకణాలు 15,000 దాటినా, స్కాన్‌లో చాలా పొడవునా పేగు వాచి ఉన్నా వేస్తాను. స్టెరాయిడ్లు వాడేవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్ల విషయంలో చర్చ లేదు, తప్పకుండా వేస్తాం, ఆసుపత్రిలోనే ఉంచుతాం. వాళ్లకి జ్వరం, నొప్పి రెండూ తక్కువగా కనిపించి లోపల పెద్ద గొడవ జరుగుతుండొచ్చు.

మీ నాన్నగారు మధ్యలో ఉన్నారు. వయసు, పదేళ్ల షుగర్, మూడు రోజులైనా తగ్గని జ్వరం. స్కాన్ శుభ్రంగా ఉన్నా నేనైతే ఆయనకి యాంటీబయాటిక్ ఇస్తాను. అయితే ఇప్పుడు వాడుతున్నది కాదు. ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ ఈ జబ్బు క్రిముల మీద ఏమీ పనిచేయదని కాదు, కొంత తగ్గినట్టు అనిపించడానికి అదే కారణం కావచ్చు. కానీ మన దేశంలో ఈ-కోలై అనే పేగు క్రిమి చాలావరకు ఈ జాతి మందులకి లొంగడం మానేసింది. దానికితోడు ఇందాక చెప్పిన షుగర్ గొడవ. ఆయనకి పెన్సిలిన్ ఎలర్జీ లేకపోతే అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఒక్కటే చాలు, గాలి లేని చోట పెరిగే క్రిములు కూడా అందులో కవర్ అవుతాయి. మామూలుగా 4 నుంచి 7 రోజులు. డోసు కిడ్నీలని చూసి మీ డాక్టరు రాస్తారు. చీము ఉందని తేలితే మాత్రం మాత్రల మాటే లేదు, అడ్మిట్ చేసి నరం ద్వారా ఇవ్వాలి. పొట్టంతా చీమో మలమో పాకి ఉంటే అది ఆపరేషన్ కేసు, పాడైన పేగు ముక్క తీసేయాల్సి వస్తుంది, కొన్నాళ్లు మలం బయటికి వచ్చేలా పొట్ట మీద స్టోమా బ్యాగు కూడా ఉండొచ్చు.

మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో మార్పు తెలియాలి. నొప్పి మొత్తం పోవాలని కాదు. మాత్రకి ముందు చూసిన జ్వరం తగ్గుతూ రావాలి, నడుస్తుంటే ముందుకు వంగడం మానాలి, ఆకలి కాస్త తిరిగి రావాలి. 72 గంటలకీ అలా లేకపోతే మందు మార్చి ఇంకో మూడు రోజులు చూద్దాం అనే మాట ఒప్పుకోకండి. మళ్లీ స్కాన్ చేయమనండి.

ఇక తిండి. మొదటి రెండు మూడు రోజులు ద్రవాలు అంటాం. అవి జబ్బుని తగ్గిస్తాయని కాదు, వాచిన పేగు మీదుగా గట్టి మలం వెళ్తే నొప్పి కాబట్టి. పల్చటి గంజి, పప్పు కట్టు, మజ్జిగ తేట, కారం తగ్గించిన చారు బాగుంటాయి. షుగర్ మాత్రలు పూర్తిగా ఆపనివాళ్లు ఒట్టి మజ్జిగతో ఉండకూడదు, రెండు మూడు గంటలకోసారి గంజి లాంటి పిండి పదార్థం పడాలి. ఆకలేస్తోంది, నొప్పి తగ్గింది అంటే ఇంకా ద్రవాలే అని పట్టుబట్టక్కర్లేదు. ఇడ్లీ, మెత్తటి పెరుగన్నం, బాగా ఉడికిన పప్పన్నం, తొక్క తీసిన సొరకాయ, బీరకాయ పెట్టొచ్చు. ఈ దశ వారం పది రోజులు. ఇక్కడే చాలామంది ఇరుక్కుపోతారు. పత్యం అని నెలల తరబడి అదే మెత్తటి తెల్లన్నం, పెరుగు. సంచులకి మళ్లీ అదే ఒత్తిడి పెట్టే తిండి.

నొప్పి పోయాక పీచు పెంచాలి, కానీ మెల్లగా, మూడు నాలుగు వారాల్లో. ఒక్కరోజులో పెంచితే పొట్ట ఉబ్బి మళ్లీ జబ్బొచ్చిందని టెన్షన్ పడతారు. రోజుకి 30 గ్రాముల దాకా లక్ష్యం పెట్టుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు చూస్తే, 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు. జొన్నల్లో 10, రాగుల్లో 11, కందిపప్పులో 9, జామకాయలో ఎనిమిదిన్నర గ్రాముల వరకు ఉంది. గుంటూరులో మామూలు ఇంటి తిండి ఊహించుకుని లెక్క వేద్దాం. రోజుకి పావు కిలో బియ్యం అన్నం అంటే 7 గ్రాములు. 40 గ్రాముల పప్పుతో మూడున్నర. కూరగాయలతో నాలుగైదు, పొద్దున ఇడ్లీతో రెండు. మొత్తం 18 దాటదు. ఇప్పుడు రాత్రి అన్నం తీసేసి 80 గ్రాముల పిండితో రెండు జొన్నరొట్టెలు పెట్టండి, ఐదు గ్రాములు పెరుగుతుంది. సాయంత్రం ఒక జామకాయ తింటే 30 చేరువకి వచ్చేస్తుంది. ఈ రెండు మార్పులూ షుగర్‌కి కూడా మంచివే. పీచు పెంచుతూ నీళ్లు పెంచకపోతే మలబద్ధకం ఎక్కువవుతుంది. ఇసబ్గోల్ వాడాలనుకుంటే నొప్పి పూర్తిగా పోయాకే, రెండు చెంచాలు నిండు గ్లాసు నీళ్లతో, షుగర్ మాత్రలకి రెండు గంటల ఎడంగా.

జామకాయ అన్నాను కదా, గింజలు సంచిలో ఇరుక్కోవా అంటారు. ఈ మాట మా డాక్టర్లు కూడా దశాబ్దాల పాటు చెప్పినదే, ఎవరూ లెక్క చూడకుండా. 2008లో అమెరికాలో 47,228 మంది మగవాళ్లని 18 ఏళ్ల పాటు గమనించిన అధ్యయనం వచ్చింది. గింజపప్పులు, పాప్‌కార్న్ ఎక్కువగా తిన్నవాళ్లకి డైవర్టిక్యులైటిస్ పెరగలేదు సరికదా, కొంచెం తక్కువే వచ్చింది. స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీ లాంటి చిన్న గింజల పళ్లతోనూ ముప్పు కనపడలేదు. కాబట్టి కోలుకున్నాక జామకాయ, టమాటా, వేరుశనగ, నువ్వులు అన్నీ తినొచ్చు. పళ్లు సరిగా లేకపోతే జామకాయ బాగా మగ్గింది చూసుకోండి. అది నమలడం కోసం, పేగు కోసం కాదు.

మానాల్సింది నిజంగా ఉందంటే అది మాంసం వైపు ఉంది. అదే మగవాళ్ల సమూహంలో మటన్, బీఫ్ లాంటి ఎర్ర మాంసం ఎక్కువ తినేవాళ్లకి ఈ జబ్బు ఎక్కువగా వచ్చింది, దాని బదులు చేపలు, కోడిమాంసం తింటే ముప్పు తగ్గుతుందని లెక్క తేలింది. పూర్తిగా మానమని నేను చెప్పను. వారానికి మూడు నాలుగు సార్లు మటన్ ఉంటే ఒకటి చేసి మిగతావి చేపలకి మార్చండి. పచ్చళ్లు, కారం గురించి అడుగుతారని తెలుసు, గుంటూరువాళ్లు కాబట్టి ఇంకా ఎక్కువ తెలుసు. కారం వల్ల ఈ సంచులు వాస్తాయని ఆధారం లేదు. కడుపులో మంట వస్తే అది వేరే సంగతి. సిగరెట్, పొట్ట చుట్టూ బరువు మాత్రం కచ్చితంగా ముప్పు పెంచేవే.

తగ్గిన 6 నుంచి 8 వారాలకి కొలనోస్కోపీ చేయించాలి, ఈమధ్య ఏడాదిలో చేయించి ఉండకపోతే. సీటీలో వాపూ క్యాన్సరూ ఒకేలా కనపడొచ్చు, వాపు పోయాక లోపల నుంచి చూస్తేనే తేలుతుంది. ఇప్పుడే చేసేయమని అడగొద్దు. వాచిన పేగులోకి గాలి నింపి గొట్టం పంపితే చిల్లు పడే ప్రమాదం ఉంది.

మళ్లీ వస్తుందా అంటే, మొదటిసారి మామూలు రకంగా వచ్చి తగ్గినవాళ్లలో పదేళ్లలో ఐదుగురిలో ఒకరికి రావచ్చు. చిల్లు, చీము లాంటి పెద్ద చిక్కులు ఎక్కువగా మొదటిసారే వస్తాయి, రాను రాను ముదురుతుందనే భయం అక్కర్లేదు. ఒకప్పుడు రెండుసార్లు వస్తే పేగు కోసేయాలనేవాళ్లం. ఇప్పుడు ఎన్నిసార్లు వచ్చిందని కాకుండా, రోజువారీ బతుకుకి ఎంత అడ్డొస్తోందని చూసి నిర్ణయిస్తున్నాం. ప్రోబయోటిక్స్, మెసలమైన్ ఇస్తే రాకుండా ఉంటుందని ఎవరైనా అంటే డబ్బు దండగ చేసుకోకండి. కొన్ని నెలల తర్వాత కూడా ఎడమవైపు అప్పుడప్పుడూ లాగినట్టు ఉంటే, జ్వరం లేకుండా సీఆర్‌పీ మామూలుగా ఉంటే, అది పేగు సున్నితంగా మారడం వల్ల కావచ్చు. ప్రతిసారీ యాంటీబయాటిక్ వేయొద్దు. మూత్రంలో బుడగలు వస్తున్నాయన్నా, పదేపదే మూత్రం ఇన్ఫెక్షన్ అవుతోందన్నా మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, పేగుకీ మూత్రాశయానికీ దారి పడి ఉండొచ్చు.

సీటీ సీడీ, రిపోర్టు రెండూ దాచిపెట్టండి. ఈరోజు రిపోర్టు వచ్చాక దాని చివరి భాగం, సీఆర్‌పీ యూనిట్‌తో సహా, క్రియాటినిన్, మాత్రకి ముందు చూసిన టెంపరేచర్లు ఇక్కడ రాయండి. చూసి చెప్తాను. కానీ నా జవాబు కోసం ఆగొద్దు, మీ సర్జన్ గారు అడ్మిట్ చేద్దామంటే చేసేయండి.